పెట్టె మీద 12 జీబీ, లోపల 4 జీబీ

అద్దంకి చుట్టుపక్కల ఫీల్డ్ ఉద్యోగం చేసేవాళ్లకు ఫోనే ఆఫీసు. పురుగుమందుల కంపెనీ స్టాఫ్ అయినా, గ్రూపు లోన్ల కలెక్షన్ చూసేవాళ్లయినా, ఈ-పంట నమోదు చేసే సిబ్బంది అయినా పని తీరు దాదాపు ఒకటే. ఊళ్లోకి వెళ్లాలి, యాప్‌లో ఫారం నింపాలి, ఫోటో తీయాలి, లొకేషన్‌తో సహా అప్‌లోడ్ చేయాలి. సాయంత్రానికి టార్గెట్ తగ్గితే పైవాళ్లు అడిగేది మనల్నే, ఫోన్‌ను కాదు. కాబట్టి ఈ పనికి ఫోన్ కొనేటప్పుడు పెట్టె మీది పెద్ద అక్షరాల్ని ఎలా చదవాలో తెలుసుకుని కొనండి.

ముందు ర్యామ్ సంగతి, ఎందుకంటే ఎక్కువ మంది దెబ్బతినేది అక్కడే. మిర్చి చేనులో నిలబడి రైతు పేరు, సర్వే నంబరు, ఎకరాలు అన్నీ కొట్టి, ఫోటో కోసం కెమెరా బటన్ నొక్కుతారు. ఫోటో తీసి వెనక్కి వచ్చేసరికి ఫారం ఖాళీ, యాప్ మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. చాలామంది సర్వర్‌నో సిగ్నల్‌నో తిట్టుకుంటారు. చాలాసార్లు అసలు కారణం వేరు. కెమెరా తెరవగానే దానికి ఒక్కసారిగా చాలా ర్యామ్ కావాలి. ఉన్నది చాలకపోతే ఆండ్రాయిడ్ వెనకున్న యాప్‌లను ఒక్కొక్కటిగా మూసేస్తుంది, ఆ మూసేసినవాటిలో మీ ఫారం కూడా ఉంటుంది. యాప్ తయారుచేసినవాళ్లు మధ్యలో సేవ్ చేసే ఏర్పాటు పెట్టకపోతే కొట్టిందంతా పోతుంది.

దీనికి మందుగా కనిపించేదే పెట్టె మీది ‘12 జీబీ ర్యామ్’. పక్కన చిన్న చుక్క గుర్తు ఉంటుంది. అడుగున సన్నటి అక్షరాల్లో ‘4 జీబీ + 8 జీబీ ఎక్స్‌టెండెడ్’ అని రాస్తారు. కంపెనీని బట్టి పేరు మారుతుంది: ర్యామ్ ప్లస్, మెమరీ ఎక్స్‌టెన్షన్, డైనమిక్ ర్యామ్, వర్చువల్ ర్యామ్. పని మాత్రం ఒకటే. ఆ 8 జీబీ ర్యామ్ చిప్ కాదు. ఫోటోలు, వీడియోలు దాచుకునే స్టోరేజీలోంచే కొంత భాగం పక్కకు తీసి, వాడని యాప్‌ల డేటాను అందులోకి నెట్టడం.

వేగంలో తేడా చూస్తే విషయం తేలిపోతుంది. ఇప్పటి మామూలు ఫోన్లలో ఉండే ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ ర్యామ్ సెకనుకు 17 జీబీ దాకా డేటా కదిలించగలదు. తక్కువ ధర ఫోన్లలో ఉండే ఈఎంఎంసీ 5.1 స్టోరేజీకి కాగితం మీద గరిష్ఠ వేగమే సెకనుకు 400 ఎంబీ. వాడకంలో అంత కూడా రాదు. యూఎఫ్ఎస్ 2.2 స్టోరేజీ అయితే సెకనుకు 1000 ఎంబీ దరిదాపుల్లో ఉంటుంది. యార్డులో కమీషన్ వ్యాపారి టేబుల్ మీదున్న శాంపిల్‌కీ కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీకీ మధ్య ఎంత దూరమో ఇక్కడా అంతే. సరుకు రెండుచోట్లా ఉంది, చేతికి అందే సమయంలోనే తేడా.

ఎక్స్‌టెండెడ్ ర్యామ్ పూర్తిగా అబద్ధమని అననక్కర్లేదు. పొద్దున తెరిచి వదిలేసిన యాప్‌ను మధ్యాహ్నం దాకా నిలబెట్టడానికి కొంత పనికొస్తుంది. కానీ కెమెరా తెరిచిన ఆ క్షణంలో కావాల్సింది అసలు ర్యామ్. అప్పుడు 4 జీబీ ఫోన్ 4 జీబీ ఫోన్ లాగే నడుస్తుంది. పైగా ఆ 8 జీబీ మీ స్టోరేజీలోంచే పోతుంది. 128 జీబీలో సిస్టమ్ భాగం తీసేసి, ఇదీ తీసేసి మిగిలిందే మీది.

ఒక కేసు వేసుకుందాం. ఒకే ధరకు రెండు పెట్టెలు మీ ముందున్నాయి. మొదటి దాని మీద ‘12 జీబీ ర్యామ్, 50 ఎంపీ ఏఐ డ్యూయల్ కెమెరా, మిలిటరీ గ్రేడ్’. రెండో దాని మీద ‘6 జీబీ ర్యామ్, 50 ఎంపీ కెమెరా’ అంతే. సన్న అక్షరాలు చదివితే మొదటిది 4 + 8, స్టోరేజీ ఈఎంఎంసీ. రెండోది అసలు 6, స్టోరేజీ యూఎఫ్ఎస్ 2.2. ఫారం నింపి ఫోటో తీసే పనికి రెండోదే తీసుకోవాలి, ఇందులో సందేహం లేదు. మీ కంపెనీ సర్క్యులర్‌లో ‘కనీసం 6 జీబీ ర్యామ్’ అని ఉంటే మొదటి ఫోన్ బిల్లు రీఇంబర్స్‌మెంట్‌లో వెనక్కి రావచ్చు కూడా.

షాపులో తేల్చుకోవడం కష్టమేం కాదు. డెమో ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ ఫోన్ చూడండి. ర్యామ్ దగ్గర రెండు అంకెల మధ్య ప్లస్ ఉంటే మొదటి అంకె ఒక్కటే లెక్క. ఒకే అంకె చూపిస్తే ఎక్స్‌టెన్షన్ ఆప్షన్ ఆపి, ఫోన్ రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. స్టోరేజీ రకం పెట్టె మీద రాయకపోతే కంపెనీ సొంత సైట్‌లో ఆ మోడల్ పేజీ చివరిదాకా చదవండి. అక్కడా చెప్పలేదంటే నేనైతే ఈఎంఎంసీ అనే అనుకుంటాను.

కెమెరా దగ్గర ‘ఏఐ’ అనే మాటకు కొలత లేదు. ఎదురుగా ఉన్నది ఆకా, ముఖమా, కాగితమా అని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టి రంగు, వెలుగు మార్చినా దాన్ని ఏఐ కెమెరా అనొచ్చు. మన పనికి అదే ఇబ్బంది. ఆకుముడత వచ్చిన మిర్చి ఆకును తీస్తే పచ్చదనం పెంచి చూపించగలదు. ఆ ఫోటో చూసి సలహా ఇచ్చేవాళ్లు పొరబడతారు. పంట ఫోటోలకు ఆ ఆప్షన్ ఆపేయండి. ‘డ్యూయల్’ అన్నచోట రెండో కెమెరా ఎంత అన్నది చూడండి. 0.08 ఎంపీ అని ఉంటే అడ్డంగా 320, నిలువుగా 240 చుక్కలు, మొత్తం 76,800. దాంతో పనికొచ్చే ఫోటో ఏదీ రాదు, రెండు కళ్లు కనపడటానికి పెట్టిందే. 50 ఎంపీ కూడా మామూలు మోడ్‌లో నాలుగేసి చుక్కల్ని ఒకటిగా కలిపి 12.5 ఎంపీ ఫోటో ఇస్తుంది. అది మోసం కాదు, తక్కువ వెలుగులో మేలు చేసే పద్ధతే. షాపులో చేయాల్సింది ఒక్కటే: బిల్లు మీది సన్న అక్షరాల్ని దగ్గర నుంచి ఫోటో తీసి, జూమ్ చేసి చదవండి.

ఇక మిలిటరీ గ్రేడ్. దీని వెనకున్నది అమెరికా రక్షణ శాఖ 2019లో విడుదల చేసిన మిల్-ఎస్‌టీడీ-810హెచ్ అనే పరీక్షల పుస్తకం. వేడి, చలి, దుమ్ము, కుదుపు, ఇలా ఎన్నో పరీక్షలున్నాయి. వాటిలో ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకోవచ్చు, పాసైనట్టు సైన్యం సర్టిఫికెట్ ఇవ్వదు. నాలుగు అడుగుల ఎత్తు నుంచి 26 సార్లు పడేసే పరీక్షనే తీసుకోండి. ఆ 26నీ ఐదు పీసుల దాకా పంచుకోవడానికి పుస్తకమే ఒప్పుకుంటుంది. అంటే మీ చేతిలో ఉన్నటువంటి ఒక్క ఫోన్ అన్ని దెబ్బలూ తట్టుకుందని అర్థం కాదు. పరీక్షల పేర్లు రాయకుండా ఉత్త ‘మిలిటరీ గ్రేడ్’ అని ఉంటే లెక్కలోకి తీసుకోకండి.

మిర్చి కల్లాల్లో, పత్తి జిన్నింగ్ మిల్లుల్లో తిరిగేవాళ్లకు దానికంటే ఐపీ రేటింగ్ పనికొస్తుంది. ఐపీ54లో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. మొదటిది 5 అయితే కొంత దుమ్ము లోపలికి వెళ్లినా పని ఆగదని, 6 అయితే అసలు వెళ్లదని అర్థం. నీటి అంకె ఎంతున్నా, తడిసి పాడైతే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు షరతుల్లో రాసుకుంటాయి. అది కొనేముందే చదవండి.

ఇంత చూసినా మోసపోతే దారి ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పెద్ద అక్షరాల్లో తప్పుదోవ పట్టించి సన్న అక్షరాల్లో సరిదిద్దడం కుదరదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. 5 లక్షల లోపు వస్తువుకు అక్కడ ఫీజు లేదు. రెండుచోట్లా ఆధారాలు అడుగుతారు. అందుకే కొన్న రోజే పెట్టె నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. బిల్లు మీద మోడల్ పేరుతో పాటు ‘ర్యామ్ 6 జీబీ, ఎక్స్‌టెండెడ్ కాకుండా’ అని షాపతని చేత రాయించుకోండి. రాయనంటే డబ్బులు కట్టకముందే ఇంకో షాపు చూసుకోండి.