రెండు మోటార్లు, ఒక ట్యాంకు

ప్రశ్న: "రెండు మోటార్లు కలిసి ఒక ట్యాంకును 6 గంటల్లో నింపుతాయి. చిన్న మోటారు ఒక్కటే నింపితే పెద్దదానికన్నా 5 గంటలు ఎక్కువ పడుతుంది. విడివిడిగా ఎన్నెన్ని గంటలు?" నేను x + (x + 5) = 6 అని రాస్తే అరగంట వచ్చింది. ఎక్కడ తప్పాను?
– పదో తరగతి విద్యార్థిని, జనగామ

జవాబు: గంటలను కూడావమ్మా, అదే తప్పు. ఇద్దరు కలిసి నాట్లు వేస్తే పని త్వరగా తెములుతుంది కదా, ఇద్దరి గంటలూ కలిపితే పెరుగుతాయి. కూడాల్సింది గంటకు జరిగే పనిని. 1150లో భాస్కరాచార్యుడు 'లీలావతి'లో ఇలాంటి లెక్కే ఇచ్చాడు. నాలుగు ధారలు విడివిడిగా ఒక రోజులో, అర రోజులో, రోజులో మూడో వంతులో, ఆరో వంతులో తొట్టిని నింపుతాయి. అంటే రోజుకు 1, 2, 3, 6 తొట్లు. మొత్తం 12 కాబట్టి, నాలుగూ కలిస్తే రోజులో పన్నెండో వంతులో తొట్టి నిండుతుంది.

నీ లెక్కలో పెద్ద మోటారుకు x గంటలు అనుకుంటే అది గంటకు ట్యాంకులో 1/x వంతు నింపుతుంది. చిన్నది 1/(x + 5) వంతు, రెండూ కలిసి 1/6 వంతు.

1/x + 1/(x + 5) = 1/6

హారాలు పోవాలంటే అంతటినీ 6x(x + 5)తో గుణించు.

6(x + 5) + 6x = x² + 5x
x² – 7x – 30 = 0
(x – 10)(x + 3) = 0

x = 10. పెద్దదానికి 10 గంటలు, చిన్నదానికి 15. సరిచూడు: 1/10 + 1/15 = 5/30 = 1/6.

లెక్క మొదలుపెట్టక ముందే జవాబు ఎక్కడుంటుందో పట్టుకోవచ్చు. మోటార్లు రెండూ సమానమైతే ఒక్కోదానికి 12 గంటలు పట్టేది. కాబట్టి పెద్దది 6కూ 12కూ మధ్య, చిన్నది 12 పైన ఉండి తీరాలి. నీ అరగంట అక్కడే పట్టుబడేది.

ప్రశ్న: ఇదే లెక్కలో x = –3 కూడా వచ్చింది. కాలం మైనస్‌లో ఉండదని కొట్టేయమన్నారు. ఊరికే ఎందుకు వస్తుంది?
– సింగరేణి కార్మికుడి కుమారుడు, భూపాలపల్లి

జవాబు: పరీక్షలో కొట్టేయడమే సరైనది, మోటార్లు రెండూ నింపేవే అని ప్రశ్నలో ఉంది కాబట్టి. కానీ సమీకరణానికి ఆ సంగతి తెలియదు. –3కు 5 కలిపితే 2. అంటే ఒకటి 2 గంటల్లో నింపుతుంది, మరొకటి నిండు ట్యాంకును 3 గంటల్లో ఖాళీ చేస్తుంది. 1/2 – 1/3 = 1/6. ఇక్కడా 6 గంటలే!

మీ నాన్నగారిని అడుగు. గనిలో ఊట నీళ్లు సంపులోకి చేరుతుంటాయి, పంపు బయటికి తోడుతుంటుంది. ఊట 2 గంటల్లో సంపును నింపేలా ఉండి, ఊట లేనప్పుడు నిండు సంపును తోడటానికి పంపుకు 3 గంటలు పడితే, పంపు ఆగకుండా నడిచినా ఖాళీ సంపు 6 గంటల్లో నిండిపోతుంది. 2 గంటల్లో తోడే పంపైతే నీటిమట్టం ఉన్నచోటే నిలుస్తుంది. మట్టం తగ్గాలంటే ఇంకా పెద్ద పంపు కావాలి.

ప్రశ్న: మా తొట్టిని ఒక బోరు 10 గంటల్లో, మరొకటి 15 గంటల్లో నింపుతాయి. రెండూ వేస్తే 6 గంటలకు నిండాలని మా అబ్బాయి లెక్క. ఏడున్నర పడుతోంది. లెక్క తప్పా?
– మిర్చి రైతు, మహబూబాబాద్

జవాబు: మీ అబ్బాయి లెక్కలో తప్పులేదు. కానీ ఒకటి నడిస్తే రెండోదాని నీళ్లు తగ్గవు అనుకుంటేనే ఆ లెక్క నిలుస్తుంది. 6 గంటలంటే గంటకు 1/6 వంతు, ఏడున్నర అంటే 2/15 వంతు. రావాల్సిన దానిలో అయిదో వంతు రావడం లేదు.

రెండు బోర్ల నీళ్లూ ఒకే పైపులో కలిసి వస్తున్నాయా? అయితే ముందు దాన్నే అనుమానించండి. నీళ్లు పెరిగేకొద్దీ పైపులో రాపిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి ఎదురునెట్టలేక రెండు మోటార్లూ తక్కువ పోస్తాయి. చిన్నదాని మీద భారం ఎక్కువ పడుతుంది. దాని పైపుకు వెనక్కి పోనివ్వని వాల్వు లేకపోతే, పెద్దదాని నీళ్లు చిన్న బోరులోకే దిగొచ్చు.

తొట్టిలో గుర్తులు పెట్టిన కర్ర నిలబెట్టి, ఒక్కో మోటారు గంటసేపు విడిగా, తర్వాత రెండూ కలిపి గంటసేపు నడిపి మట్టం ఎంత పెరిగిందో రాసుకోండి. ఆ తర్వాత ఒక బోరుకు తాత్కాలికంగా వేరే పైపు వేసి మళ్లీ కొలవండి. 6 గంటల లెక్క కుదిరితే లోపం పైపుదే. అప్పటికీ తగ్గితే రెండు మోటార్లు నడిచేటప్పుడు వోల్టేజీ పడిపోతోందేమో చూడండి. అదీ బాగుంటే బోర్లు దగ్గరదగ్గరగా ఉండి ఒకదాని నీళ్లు ఒకటి లాగుతుండవచ్చు. అప్పుడు మోటార్లు రెండూ ఒకేసారి వేయకండి, వంతులవారీగా నడపండి.