ఉద్యోగంలో ఉంటూనే వ్యాపారం చేసి చూడవచ్చా?

ప్రశ్న: మాది పుంగనూరు. మదనపల్లెలో ఒక ప్రైవేటు కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజర్‌గా నాలుగేళ్ల రెండు నెలలుగా పనిచేస్తున్నాను. బేసిక్ జీతం 18,000 రూపాయలు. నీరుగట్టువారిపల్లె నేతగాళ్ల దగ్గర పట్టుచీరలు తెచ్చి సాయంత్రాలు, ఆదివారాలు అమ్మి చూడాలని ఉంది. కుప్పంలో ఉండే మా బావమరిది సరిహద్దు దాటి కృష్ణగిరి వైపు కూడా అమ్ముదామంటున్నాడు. ఉద్యోగం మానేసి దిగాలా? నా భార్య పేరున పెడితే ఇబ్బంది ఉండదా?

జవాబు: రాజీనామా ఇప్పుడే ఇవ్వకండి. ముందు మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి చదవండి. ‘సంస్థ అనుమతి లేకుండా వేరే ఉద్యోగం గానీ, వ్యాపారం గానీ చేయరాదు’ అన్న షరతు చాలా ఆర్డర్లలో ఉంటుంది. ఆర్డర్‌లో లేకపోయినా, అది ప్రస్తావించే సర్వీస్ రూల్స్‌లో ఉండవచ్చు. అవి కూడా అడిగి చూడండి.

వ్యాపారం చేసుకోనివ్వని ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 చెబుతుంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. అది సగం నిజమే. సెంచురీ స్పిన్నింగ్ కంపెనీ కేసులో 1967లో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరించింది. అయిదేళ్లకు ఒప్పుకుని చేరిన ఉద్యోగి మధ్యలో మానేసి అదే రంగంలోని మరో కంపెనీకి వెళ్లాడు. ఒప్పందం నడిచే కాలానికి పెట్టిన షరతు న్యాయబద్ధంగా ఉంటే చెల్లుతుందని కోర్టు అతన్ని నిలువరించింది. ఉద్యోగం పూర్తిగా వదిలాక కూడా పోటీ వ్యాపారం చేయకూడదనే షరతు మాత్రం సాధారణంగా నిలవదు. అంటే జీతం తీసుకుంటున్నంత కాలం ఆ షరతుకు మీరు కట్టుబడాల్సిందే.

అందుకని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అనుమతి అడగండి. అర పేజీ చాలు: ‘పని వేళల తర్వాత, సెలవు రోజుల్లో పట్టుచీరలు అమ్మదలిచాను. ఇది మన సంస్థ చేసే వ్యాపారం కాదు. సంస్థ ఫోన్, వాహనం, గోడౌన్, కస్టమర్ల వివరాలు వాడను.’ ఈమెయిల్‌లో పంపితే తేదీతో సహా రుజువు ఉంటుంది. నోటిమాటగా ‘చేసుకో’ అన్నా, దాన్ని ప్రస్తావిస్తూ ఒక మెయిల్ పెట్టండి. మేనేజర్ మారితే నోటిమాట నిలవదు. మీ కంపెనీయే చీరల వ్యాపారంలో ఉంటే అనుమతి రావడం కష్టం. అప్పుడు వేరే సరుకు ఎంచుకోవడమే మంచిది.

ఇక భార్య పేరు సంగతి. ఆమే పెట్టుబడి పెట్టి, ఆమే నడిపితే అది ఆమె హక్కు. పేరు ఆమెది, బేరసారాలు, డబ్బు లావాదేవీలు మీవి అయితే మాత్రం షరతు మీరినట్టే చూస్తారు. పైగా జీఎస్టీ నంబరు తీసుకుంటే యజమాని పేరు పోర్టల్‌లో ఎవరైనా చూడగలరు, కాబట్టి దాచిపెట్టడం మీద ఆధారపడకండి. ఇది చదివే ప్రభుత్వ ఉద్యోగులకు ఒక హెచ్చరిక: మీకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు, కుటుంబ సభ్యులు చేస్తున్నా తెలియజేయాలి. చట్టం నిషేధించిన వ్యాపారం చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 202 కింద ఏడాది వరకు సాధారణ జైలు శిక్ష పడవచ్చు.

కుప్పం నుంచి అమ్మకం మొదలుపెట్టే ముందు ఒక్కటి గమనించండి. ఆంధ్రప్రదేశ్ లోపలే సరుకు అమ్మితే సాధారణంగా ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సరుకును తమిళనాడుకో, కర్ణాటకకో పంపి అమ్మితే ఈ పరిమితి వర్తించదు, మొదటి చీరకే రిజిస్ట్రేషన్ కావాలి. కొన్ని చేతివృత్తుల వస్తువులకు మినహాయింపు ఉంది గానీ, మీ సరుకు అందులోకి వస్తుందో లేదో టాక్స్ కన్సల్టెంట్‌ను అడిగాకే పంపండి. చేసి చూసే దశలో పుంగనూరు, మదనపల్లె, కుప్పం పట్టణాలకే పరిమితమైతే ఈ బరువు ఉండదు. లాభం ఎంత చిన్నదైనా ఆదాయపు పన్ను రిటర్నులో జీతంతో కలిపి చూపాలి. జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 అప్పుడు సరిపోదు.

చివరగా, ఎప్పుడు మానేయాలి? పదిమంది లేదా అంతకుమించి పనిచేసే సంస్థలో సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. బేసిక్, డీఏ కలిపిన నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. డీఏ లేదనుకుంటే మీకు దాదాపు 51,900 రూపాయలు. ఇంకో పది నెలలు ఆగితే అందే ఈ డబ్బును ఇప్పుడే రాజీనామా ఇచ్చి పోగొట్టుకోకండి. ఆ పది నెలల్లో పెళ్లిళ్ల సీజన్‌లోనూ, అన్‌సీజన్‌లోనూ చీరలు ఎలా కదులుతాయో తెలుస్తుంది. అప్పటికి లెక్క కుదిరితే నోటీసు పీరియడ్ పూర్తిచేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని బయటికి రండి.

యాజమాన్యం అనుమతి నిరాకరించినా, షోకాజ్ నోటీసు ఇచ్చినా కంగారుపడి సంతకాలు చేయకండి. 15100 నంబరుకు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు దారి చూపిస్తారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.