బటన్ నొక్కడం నేర్పే కోర్సుకు అంత ఫీజెందుకు?

మూడు నెలల జీఐఎస్ కోర్సు చేయిస్తే చాలు, పిల్లాడికి టెలికాం కంపెనీలో సీటు ఖాయమన్న నమ్మకం చాలామంది తల్లిదండ్రుల్లో పాతుకుపోయింది. డెమో క్లాసులో చూపించడానికి వ్యూషెడ్ అంత అనువైనది ఇంకొకటి లేదు. ఒక చోట టవర్ నిలబెడితే చుట్టూ ఎంత నేల నుంచి అది కనిపిస్తుందో ఎత్తుల పటం మీద లెక్కగట్టడమే వ్యూషెడ్. తెర మీద రంగు పరుచుకోగానే ఫీజు కట్టేస్తారు. ఈ పని చేసే క్యూజీఐఎస్ ఉచితం, ఎత్తుల పటమూ ఉచితమే. క్లాసులో నేర్పే పనంతా ఈ రెండు ఆదేశాల్లోనే ఉంది:

```
gdalwarp -t_srs EPSG:32644 -tr 30 30 -r bilinear dem.tif utm.tif
gdal_viewshed -ox X -oy Y -oz 40 -tz 1.5 -md 30000 -cc 1 utm.tif out.tif
```

మొదటిది పటాన్ని డిగ్రీల నుంచి మీటర్లలోకి మారుస్తుంది. రెండోది X, Y దగ్గర 40 మీటర్ల టవర్ పెట్టి, మీటరున్నర ఎత్తులో కన్ను ఉన్న మనిషికి అది ఎక్కడెక్కడ నుంచి కనిపిస్తుందో 30 కిలోమీటర్ల వరకు చూస్తుంది. ఇది ఒక్క పూటలో వస్తుంది. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య నేలనే తీసుకోండి. తెనాలి నుంచి సముద్రం దాకా వాలు మొత్తం పది మీటర్లు, కాస్త అటూ ఇటూ. చెట్టూ ఇల్లూ లేవనుకుంటే 40 మీటర్ల టవర్ దాదాపు 27 కిలోమీటర్ల దాకా కనిపించాలి. ఆపైన భూమి గుండ్రదనమే అడ్డొస్తుంది. 20 కిలోమీటర్ల దూరంలోనే ఆ వంపు 31 మీటర్లు, అంటే ఇక్కడి వాలుకు మూడింతలు. కాబట్టి ఏ ఊరి పొలంలో పెట్టినా ఇంచుమించు అదే వృత్తం వస్తుంది. ఇప్పుడు చెట్లను లెక్కలోకి తీసుకోండి. మనిషికి 200 మీటర్ల ముందు, టవర్ వైపున, 12 మీటర్ల తాటిచెట్లు దట్టంగా వరుసగా ఉన్నాయనుకుందాం. ఆ వరుస మీదుగా టవర్ కొన కనపడాలంటే అతను టవర్‌కు సుమారు 730 మీటర్ల లోపే ఉండాలి. 27 కిలోమీటర్లు ఒక్క తాటివరుసతో ముప్పాతిక కిలోమీటరయ్యాయి. డెల్టాలో టవర్ చోటును తేల్చేది నేల ఎత్తు కాదు, తోటలూ ఇళ్లూ.

ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎమ్ పటంతో చిక్కు ఇక్కడే. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులవి. దట్టమైన తోటల్లో ఆ తరంగాలు నేల దాకా దిగవు, కొమ్మల్లోనే ఆగిపోతాయి. పైగా అనుమతించిన పొరపాటే 16 మీటర్లు, అది మన వాలు కన్నా ఎక్కువ. అందుకే సాఫ్ట్‌వేర్‌ను అన్నిటికన్నా మంచి చోటు అడిగితే కొబ్బరితోటనో మేడల గుంపునో చూపిస్తుంది, టవర్‌ను చెట్ల తలల మీద నిలబెట్టి లెక్కేస్తుంది. పట్టుకోవడం కష్టం కాదు. ఈ నేలలో ఒకటి రెండు గడుల్లోనే ఎత్తు ఎనిమిది పది మీటర్లు లేచిందంటే అది దిబ్బ కాదని అనుమానించి ఉపగ్రహ చిత్రంతో సరిచూడాలి. బాపట్ల తీరంలో ఇంకో మెలిక. సరుగుడు తోటలను కొన్నేళ్లకోసారి నరికేస్తారు కనక, అప్పటి పటంలోని తోట ఇప్పుడక్కడ ఉందన్న నమ్మకం లేదు.

కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చెట్ల, ఇళ్ల ఎత్తులు ముందే ఉంటాయిగా అని అడగవచ్చు. ఉంటాయి. అవి నేటివో పాతవో తేల్చడానికే జీతం ఇస్తారు. కనపడటం, సిగ్నల్ అందడం ఒకటి కావన్న మాటా నిజమే. 700 మెగాహెర్ట్జ్ తరంగం తోట వెనక్కి కొంతైనా చేరుతుంది, 3500 అంతగా చేరదు. తెనాలి బజారులో దూరం కన్నా జనం రద్దీయే టవర్లెన్ని కావాలో నిర్ణయిస్తుంది. ఈ తేడా చెప్పలేని కుర్రాడికి సర్టిఫికెట్ ఉన్నా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే నోరు పెగలదు.

భూగోళం, భూగర్భశాస్త్రం, సివిల్ లాంటివి చదివినవారు జియోఇన్ఫర్మాటిక్స్‌లో పీజీకి వెళ్లవచ్చు. నా మొగ్గు సర్వే బాగా నేర్పే సివిల్, భూగోళ శాస్త్రాల వైపే. సాఫ్ట్‌వేర్ కోసం డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులున్నాయి. వాటిని చూడకుండా అప్పు చేసి ఫీజు కట్టి, ఆరు నెలలు తిరక్కుండానే ఉద్యోగమేదని పిల్లల్ని నిలదీయడం అన్యాయం. ఫీజు కట్టక తప్పదనుకుంటే, ముందు శిక్షకుణ్ని ఒక్కటి అడగండి: రేపల్లె పొలాల్లో మీ వ్యూషెడ్ చూపించిన చోటు నేలో తోటో ఎలా తేలుస్తారు? జవాబు సూటిగా రాకపోతే ఆ డబ్బుతో మీ పిల్లాణ్ని ఒక సర్వేయర్ వెంట పొలాల్లో తిప్పండి.