సాకేత్ యాపిల్ స్టోర్ చెప్పే పంపిణీ పాఠం

2023 ఏప్రిల్ 20న ఢిల్లీ సాకేత్‌లోని సెలెక్ట్ సిటీవాక్ మాల్‌లో యాపిల్ సొంత స్టోర్ తెరిచింది. దేశంలో ఇది రెండోది. మొదటిది రెండు రోజుల ముందు ముంబై బీకేసీలో మొదలైంది. ఆన్‌లైన్ స్టోర్ 2020లోనే వచ్చింది. అంతకుముందు డిస్ట్రిబ్యూటర్లు, రీసెల్లర్లే ఆధారం.

ఐఫోన్ కొనేవారు చేతిలో పట్టుకుని చూస్తారు, పాత ఫోన్ మార్పిడి, సర్వీసు గురించి అడుగుతారు. శిక్షణ పొందిన సిబ్బంది లేని కొట్టులో ఈ బేరం కుదరదు. అందుకే కొద్ది దుకాణాలనే ఎంచుకునే సెలెక్టివ్ పద్ధతి దీనికి నప్పుతుంది.

పార్లే-జి సంగతి వేరు. కొట్టులో అది లేకపోతే కొనేవారు పక్కనున్న మరో ప్యాకెట్ తీసుకుంటారు. కాబట్టి ప్రతి కిరాణాలోనూ ఉండాలి: ఇదే ఇంటెన్సివ్. అయితే సరుకును ఎలా ప్రదర్శిస్తారన్నది కంపెనీ చేతిలో ఉండదు.

ఒక ప్రాంతానికి ఒక్క డీలరే ఉంటే అది ఎక్స్‌క్లూజివ్. షోరూమ్‌పై భారీగా పెట్టుబడి పెట్టే డీలరుకు ఈ హామీ అవసరం.

సొంత స్టోర్‌తో చిక్కు కూడా ఉంది: కంపెనీయే తన రీసెల్లర్లకు పోటీ అవుతుంది. దీన్ని ఛానల్ సంఘర్షణ అంటారు.

ఎక్స్‌క్లూజివ్ పద్ధతికి చట్టపరమైన హద్దు కూడా ఉంది: పోటీని గణనీయంగా దెబ్బతీసే ఎక్స్‌క్లూజివ్ పంపిణీ ఒప్పందాలు కాంపిటీషన్ చట్టం, 2002లోని సెక్షన్ 3(4) పరిధిలోకి వస్తాయి.