మూడు నెలల తర్వాత ఒక సీసా

చాలా ఏళ్ళు పీహెచ్‌సీలో హెల్త్ అసిస్టెంటుగా చేశాను. మగవాళ్ళకు నచ్చజెప్పి వేసెక్టమీ క్యాంపులకు తీసుకెళ్ళడం నా పని. నేనూ చేయించుకున్నాను. ఇవి ఆ రెండు వైపుల నుంచీ నేర్చుకున్నవి.

1. భయపడేంత కోత అక్కడ లేదు.

ఇప్పుడు చేసేది కోత లేని వేసెక్టమీ. వృషణాల సంచి చర్మం కింద వీర్యనాళం బిగించిన పురికొసలా వేళ్ళకు తగులుతుంది. దాని దగ్గర మత్తు సూది ఇస్తారు. ఉంగరం మొనలున్న పట్టకారుతో చర్మం మీదనుంచే నాళాన్ని పట్టుకుంటారు. వాడి మొన ఉన్న మరో పట్టకారుతో చిన్న రంధ్రం చేసి నాళాన్ని పైకి తీస్తారు. సుమారు ఒక సెంటీమీటరు ముక్క తీసేసి కొసలు దారంతో కడతారు. రెండు కొసలూ మళ్ళీ అతుక్కోకుండా మధ్యలో సన్నని పొరను అడ్డం వేస్తారు. రెండో వైపూ ఇంతే. పావుగంట, ఇరవై నిమిషాల పని, చర్మానికి కుట్లుండవు. నాళం లాగేటప్పుడు పొత్తికడుపులో పీకినట్టుంటుంది. ఆ సంగతి ముందే చెబితే మనిషి ఉలిక్కిపడడు.

2. నడవగలిగితే పని చేయగలమని కాదు.

రెండు రోజులు పడుకోవాలి, బిగుతైన లంగోటీ కట్టుకోవాలి, వారం దాకా సైకిలూ బరువులూ వద్దు. ఊరందరికీ ఈ మాటలు చెప్పిన నేనే మూడో రోజు సైకిలెక్కాను. సాయంత్రానికి లోపల రక్తం గడ్డకట్టి నిమ్మకాయంత వాపు వచ్చింది. తగ్గడానికి మూడు వారాలు పట్టింది. కొద్దిపాటి వాపూ నల్లగా కమలడమూ మామూలే. వాపు పెరుగుతూ పోయినా, జ్వరం వచ్చినా, చీము కారినా డాక్టరు చూడాల్సిందే.

3. గేటు మూసినా కాలవలో నీళ్ళుంటాయి.

కట్టిన చోటుకు అవతల, నాళం పై భాగంలో, అప్పటికే చేరిన వీర్యకణాలు అలాగే ఉండిపోతాయి. అవి పోయేదాకా గర్భం వచ్చే వీలుంటుంది. కంటితో చూసి తెలుసుకోలేం. వీర్యంలో వీర్యకణాల వంతు చాలా తక్కువ, మిగతాదంతా వేరే గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే. కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా అది చూడ్డానికి మునుపటిలాగే ఉంటుంది.

ఒక తాపీమేస్త్రీకి జనవరి 20న ఆపరేషన్ అయింది. మార్చి మొదట్లో భార్యకు నెల తప్పిందని తెలిసింది. ఇంట్లో రభస. అతను నా దగ్గరికొచ్చి, "సార్, నాకు కట్టేశారుగా, మరి ఇదెట్టా?" అన్నాడు. గొంతులో అనుమానం భార్య మీద. ఆమె చివరి బహిష్టు జనవరి 18న. అంటే గర్భం నిలిచింది ఫిబ్రవరి మొదటి రోజుల్లో, ఆపరేషనై రెండు వారాలు కూడా నిండకుండా. "నిరోధ్ వాడావా?" అంటే తల దించుకున్నాడు. క్యాంపు హడావిడిలో నేను ఆ మాట ఒక్కసారి అని వదిలేశాను. తప్పులో సగం నాది.

4. క్యాలెండరు ఒక్కటే చాలదు.

ఆపరేషన్ తర్వాత మూడు నెలలు గడవడంతో పాటు ఇరవై సార్లయినా వీర్యం బయటికి పోవాలని మా రోజుల్లో చెప్పేవాళ్ళం. ఒక లారీ డ్రైవరు మూడు నెలలూ రోడ్డు మీదే గడిపి, గడువు తీరిందిగా అని ధీమాగా ఇల్లు చేరాడు. పరీక్షలో కణాలు కనబడ్డాయి. నాళం ఖాళీ అయితే కదా! ఇరవై లెక్క కూడా అందరికీ ఒకేలా కుదరదు. అందుకే ఆఖరి మాట పరీక్షదే.

5. నమూనా ఇవ్వడానికి సిగ్గుపడేవాళ్ళే ఎక్కువ.

ఆపరేషన్‌కు వచ్చినవాడు కూడా దీనికి రాడు. ల్యాబు ఇచ్చిన వెడల్పు మూతి సీసాలోనే పట్టాలి. నిరోధ్‌లో పట్టి తెస్తే అందులోని మందు కణాలను పాడుచేయవచ్చు. ఇంట్లోనే తీసి, చొక్కా లోపల ఒంటి వెచ్చదనంలో పెట్టుకుని గంటలోపు ఇస్తే కణాలు కదులుతున్నాయో లేదో సరిగ్గా తెలుస్తుంది.

6. రిపోర్టులో కదలిక ఉందా లేదా చూడాలి.

మేస్త్రీకి ఏడో వారంలోనే పరీక్ష చేయించాం. కణాలున్నాయి, కదలడం లేదు. లోపల నిలవున్న పాతవన్నమాట. కదిలే కణాలు నెలల తరబడి కనబడుతూ ఉంటేనే నాళం మళ్ళీ అతుక్కుందనో, సరిగా కట్టలేదనో అనుమానించి, మళ్ళీ ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. మూడో నెలలో అతనికి అక్కడక్కడా కొన్ని చచ్చిన కణాలే మిగిలాయి. ఇంకో నెల నిరోధ్ వాడమన్నారు. నాలుగో నెలలో ఒక్కటీ లేదు. సర్కారు సర్టిఫికెట్ కూడా ఈ పరీక్ష దాటాకే వస్తుంది. అన్నీ దాటాక కూడా, అరుదుగా ఏళ్ళ తర్వాత నాళం అతుక్కునే వీలుంది. ఆ మాట దాచకుండా చెప్పాలి.

మేస్త్రీ ఆ రిపోర్టు కాగితం నాకివ్వబోయాడు. "నాకెందుకయ్యా, ముందు మీ ఆవిడ చేతిలో పెట్టు" అన్నాను.