కేకు నడుమ ఎందుకు కుంగుతుంది?

ప్రశ్న: 180 డిగ్రీల్లో అరగంట బేక్ చేసినా కేకు మధ్యలో గుంట పడుతోంది. తలుపు తీయడం వల్లేనా?

జవాబు: తలుపును అనుమానించే ముందు కేకును కోసి చూడండి. గుంట కింద తడిగా, ముద్దగా చార ఉంటే మధ్యభాగం ఉడకలేదన్నమాట. వేడికి వ్యాకోచించిన గాలి, ఆవిరి పిండిని పైకి లేపుతాయి. గుడ్డు, మైదా గట్టిపడి దాన్ని నిలబెట్టాలి. అంతకుముందే తలుపు తీస్తే వేడి పడిపోయి కుంగుతుంది. చివరి ఐదు నిమిషాల్లో తీస్తే సాధారణంగా ఏమీ కాదు. తలుపు తీయకపోయినా కుంగిందంటారా? డయల్ మీది అంకెను నమ్మకండి, ఓవెన్ థర్మామీటరు లోపల పెట్టి చూడండి. పిండిని అతిగా గిలక్కొట్టినా గాలి ఎక్కువై, కేకు గబగబా పొంగి కూలుతుంది. మైదా వేశాక పొడి కనబడకుండా పోయేంతవరకే కలపండి.