పన్ను తీసిన పటకారు మళ్ళీ ఎలా శుద్ధి అవుతుంది?

పన్ను తీయించుకోవడానికి వచ్చినవారు తరచు అడిగే ప్రశ్న ఇది: "ఈ పటకారు నాకంటే ముందు ఎవరికి వాడారో! వేడినీళ్ళలో మరిగించారా?" అడగవలసిన ప్రశ్నే. కాని మరిగిస్తే చాలదు. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ వేడికి చాలా క్రిములు చస్తాయి గాని, గట్టి పొరలో దాగి ఉండే స్పోర్లు బతికిపోవచ్చు.

అందుకే ఆటోక్లేవ్ వాడతాము. ఇది మీ ఇంటి ప్రెషర్ కుక్కర్ వంటిదే. లోపలి ఒత్తిడి వల్ల ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. అయితే ఆవిరి లోహాన్ని తాకితేనే పని జరుగుతుంది. ఎండిన రక్తం అంటుకొని ఉంటే దాని అడుగుకు ఆవిరి చేరదు. కాబట్టి ముందుగా మందపాటి గ్లౌజులు తొడుక్కొని, పటకారు కీలు తెరిచి, సబ్బునీటిలో బ్రష్‌తో కడిగి ఆరబెడతాము. తరువాత ఒకవైపు కాగితం ఉన్న కవరులో పెట్టి సీలు చేస్తాము. కవర్లను కిక్కిరిసి పేర్చము. వాటి మధ్య గాలి చిక్కుకుంటే అక్కడికి ఆవిరి వెళ్ళదు.

121 డిగ్రీలకు చేరాక, కవరులోని పరికరాలను 30 నిమిషాలు ఉంచుతాము. ఆపైన ఆరనివ్వాలి. తడి కాగితం గుండా క్రిములు లోపలికి వెళ్ళగలవు. కవరు తడిగా బయటికి వస్తే, దాన్ని మళ్ళీ మొదటినుండి చేయవలసిందే.

కవరు మీది గుర్తు రంగు మారితే వేడి తగిలిందని మాత్రమే తెలుస్తుంది. క్రిములు నిజంగా చచ్చాయో లేదో తెలియాలంటే, హాని చేయని స్పోర్లున్న పట్టీని వారానికోసారి ఆటోక్లేవ్‌లో పెట్టి పరీక్షించాలి. ఆ స్పోర్లు పెరిగాయంటే యంత్రాన్ని ఆపి, ఆ పరికరాలను వెనక్కి తీసుకోవాలి.

అన్నింటికీ ఇంత శుద్ధి అక్కరలేదు. నోటిలోకి వెళ్ళేవాటికి ఆటోక్లేవ్ కావాలి. చేతులు మాత్రమే తగిలే లైటు పిడిని, కుర్చీ స్విచ్‌లను ప్రతి రోగి తరువాత క్రిమిసంహారక ద్రవంతో తుడిస్తే సరిపోతుంది.

మత్తు ఇచ్చే సూది మాత్రం ఒక్కరికే. దాన్ని శుద్ధి చేసి మరొకరికి వాడరు. మూత పెట్టవలసి వస్తే, మూతను ట్రేలో ఉంచి ఒక్క చేత్తోనే సూదిని అందులోకి దూర్చుతాము. రెండో చేయి దగ్గర ఉంటే గుచ్చుకుంటుంది. తరువాత సూది గుచ్చినా చిల్లుపడని తెల్లని డబ్బాలో వేస్తాము. డబ్బా మూడు వంతులు నిండగానే మూసేస్తాము.

ఒకవేళ మా సిబ్బందికి సూది గుచ్చుకుంటే, ఆ చోటును పిండకుండా సబ్బు, నీటితో కడుగుతారు. అప్పుడు మీ రక్తపరీక్షకు అనుమతి అడగవచ్చు. అది మీమీద అనుమానంతో కాదు. హెచ్.ఐ.వి. నివారణ మందు అవసరమైతే వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 72 గంటలలోపు మొదలుపెట్టాలి.

మీరు కుర్చీలో కూర్చున్నాక, కవరు పొడిగా, చిరగకుండా ఉందో, గుర్తు రంగు మారిందో చూడండి. దాన్ని మీ ఎదుటే తెరవమని అడగండి. మేము నొచ్చుకోము.